ఎత్తు 80 శాతం జన్యువులదే అంటే అర్థం ఏమిటి?

ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి మగవాళ్లకు సాధారణంగా ఉండాల్సిన కనీస ఎత్తు 167.6 సెంటీమీటర్లు. తిరుపతిలోనో చిత్తూరులోనో ఈ ఉద్యోగానికి తయారయ్యే కుర్రాళ్లున్న ఏ ఇంట్లో విన్నా ఈ అంకె చుట్టూ ఒక వాదన నడుస్తూనే ఉంటుంది. వాళ్ల నాయన పొట్టి, వీడు ఎక్కడ పెరుగుతాడని ఒకరంటారు. బాగా తింటే పెరుగుతాడని ఇంకొకరంటారు. చదువుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఎత్తు 80 శాతం జన్యువుల మీదే ఆధారపడి ఉంటుందని సైన్సు తేల్చేసిందంటూ వాదనకు ముగింపు పలుకుతారు.

80 అనే అంకె కట్టుకథ కాదు. పోషణ బాగా ఉన్న దేశాల్లో కవలల మీద జరిగిన అధ్యయనాల్లో ఎత్తు హెరిటబిలిటీ, అంటే అనువంశికత శాతం, ఇంచుమించు 80 దగ్గరే వస్తుంది. చిక్కంతా ఆ అంకెను చదవడంలో ఉంది. 170 సెంటీమీటర్ల మనిషిలో 136 సెంటీమీటర్లు అమ్మానాన్నలు ఇచ్చినవి, మిగిలిన 34 తిండి ఇచ్చినవి అని కొందరు చదువుతారు. ఎత్తులో 20 శాతమే మన చేతిలో ఉంది, దాని కోసం పెద్దగా ప్రయాసపడనక్కర్లేదు అని మరికొందరు చదువుతారు. తల్లిదండ్రుల ఎత్తు తెలిస్తే పిల్లల ఎత్తు 80 శాతం కచ్చితంగా చెప్పేయవచ్చనేది ఇంకో చదువు. ఈ మూడూ తప్పే. మూడు తప్పులకూ వేరు ఒక్కటే: ఆ శాతం ఎత్తుకు సంబంధించినది కాదు, ఎత్తుల్లోని తేడాలకు సంబంధించినది.

తేడాను కొలిచే లెక్క

ఒక ఊళ్లోని వయసొచ్చిన మగవాళ్లందరినీ వరసగా నిలబెట్టి కొలిచామనుకుందాం. భారతీయ పురుషుల సగటు ఎత్తు సుమారు 165 సెంటీమీటర్లు, స్త్రీలది సుమారు 152. అందరూ సగటు మీదే ఉండరు. సగటుకు ఇటూ అటూ ఎంత చెదిరి ఉన్నారో చెప్పే కొలతను ప్రామాణిక విచలనం అంటారు. మగవాళ్ల ఎత్తుకు దాన్ని 6.5 సెంటీమీటర్లుగా తీసుకుందాం. అంటే నూటికి 95 మంది సగటుకు 13 సెంటీమీటర్ల లోపు తేడాతో, 152 నుంచి 178 మధ్య ఉంటారు.

ఈ 6.5ని దానితోనే గుణిస్తే 42.25 వస్తుంది. గణితంలో దీని పేరు విస్తృతి. హెరిటబిలిటీ ఈ విస్తృతిలో వాటా. ఊళ్లోవాళ్ల ఎత్తుల విస్తృతి 42.25లో ఎంత భాగం వాళ్ల జన్యువుల్లోని తేడాల వల్ల వచ్చింది, ఎంత భాగం మిగతా కారణాల వల్ల వచ్చింది అనే ప్రశ్నకు అది జవాబు. 80 శాతం అంటే 42.25లో 33.8 జన్యు తేడాలది, 8.45 మిగతావాటిది. మిగతావి అంటే తల్లి కడుపులో ఉన్నప్పటి పోషణ, చిన్ననాటి తిండి, పదేపదే వచ్చిన విరేచనాలు, జ్వరాలు, యాదృచ్ఛికంగా జరిగే శరీర మార్పులు, చివరికి కొలిచేటప్పుడు దొర్లిన పొరపాట్లు కూడా.

ఒంటరి మనిషికి విస్తృతి ఉండదు. ఒక్కడే ఉన్నప్పుడు తేడా ఎవరితో? కాబట్టి ఫలానా కుర్రాడి ఎత్తులో ఎంత శాతం జన్యువులది అనే ప్రశ్నకు అసలు అర్థమే లేదు. ఎముక చివర్లలోని పెరిగే పొర జన్యువుల ఆదేశం లేకపోతే పెరగదు, ప్రోటీనూ కాల్షియమూ అందకపోయినా పెరగదు. ఏ సెంటీమీటరును తీసుకున్నా రెండూ కలిసి కట్టినదే. దాన్ని పంచడానికి వీల్లేదు.

ఇక్కడే ఇంకో సంగతి దాగి ఉంది. ఊళ్లో అందరికీ ఒకే జన్యువులు ఉన్నాయనుకుందాం, అచ్చం ఒకే రకం కవలల్లా. అప్పుడు జన్యు వాటా 33.8 పోయి 8.45 మాత్రం మిగులుతుంది. దాని వర్గమూలం 2.9 సెంటీమీటర్లు. అంటే జన్యువుల్లో ఏ తేడా లేకపోయినా ఎత్తుల చెదురు 6.5 నుంచి 2.9కి తగ్గుతుందే తప్ప ఐదో వంతుకు, అంటే 1.3కి పడిపోదు. నూటికి 95 మంది ఉండే పట్టీ వెడల్పు అప్పటికీ పదకొండు సెంటీమీటర్లు దాటుతుంది. 20 శాతం అన్నప్పుడు మన మనసు ఐదో వంతును ఊహిస్తుంది. అసలు లెక్క మాత్రం వర్గాల్లో ఉంది కాబట్టి సెంటీమీటర్లలోకి మార్చినప్పుడు అది 45 శాతానికి దగ్గరగా తేలుతుంది. ఈ శాతాన్ని చిన్నచూపు చూసేవాళ్లు తరచుగా జారేది ఈ మెట్టు మీదే.

ఒక సంచి చెనక్కాయ విత్తనం

అంకె మనిషిది కాదు, గుంపుది అన్నాక తర్వాతి ప్రశ్న ఏ గుంపుది అని. దీన్ని చిత్తూరు జిల్లా రైతుకు వివరించడం తేలిక, ఎందుకంటే చెనక్కాయ చేలో ఇది కళ్ల ముందే కనబడుతుంది.

వేరుశనగ తనలో తానే పరాగ సంపర్కం చేసుకునే పంట. అందుకే ధరణి లాంటి ఒకే రకం ధ్రువీకరించిన విత్తనం సంచిలోని గింజలన్నీ జన్యుపరంగా దాదాపు అచ్చు గుద్దినట్టు ఉంటాయి. ఆ సంచిని ఒక వాలు చేలో విత్తామనుకుందాం. పైగట్టున ఎర్ర గరప నేల, నీళ్లు నిలవవు. కింది వైపు తేమ ఎక్కువ. రెండు నెలలకు చూస్తే పైమొక్కలు పొట్టిగా, కిందివి ఏపుగా ఉంటాయి. ఈ చేలో మొక్క ఎత్తు హెరిటబిలిటీ ఎంత? ఇంచుమించు సున్నా. ఎత్తుల్లో కనిపించే తేడా అంతా నేలది, నీటిది. విత్తనాల మధ్య తేడా లేదు కాబట్టి తేడాకు అది కారణం కాలేదు. అంతమాత్రాన చెనక్కాయ మొక్క ఎత్తులో జన్యువుల పాత్ర సున్నా అని ఏ రైతూ అనడు. జన్యువులే లేకపోతే అది కంది అంత ఎత్తు ఎందుకు పెరగకూడదు?

ఇప్పుడు ఇంకో చేను. పొట్టిగా గుబురుగా పెరిగే రకం, తీగలా సాగే రకం, నిటారుగా పెరిగే రకం అన్నీ కలిసిపోయిన ఇంటి విత్తనం. నేల సమంగా ఉంది, స్ప్రింక్లర్లతో అంతటా ఒకేలా తడి, ఒకే మోతాదులో జిప్సం. ఇక్కడ ఒక మొక్కకూ పక్క మొక్కకూ ఎత్తులో తేడా ఉంటే అది ఎక్కువగా విత్తనంలోని తేడానే. హెరిటబిలిటీ 80, 90 దాకా పోవచ్చు. ఇదే కలగలుపు విత్తనాన్ని ముందు చెప్పిన వాలు చేలో వానాధారంగా వేస్తే శాతం మళ్లీ పడిపోతుంది. విత్తనం మారలేదు, చెనక్కాయలో ఎత్తును నడిపే జన్యువుల పని తీరూ మారలేదు. మారింది చేను.

మనుషులకూ ఇంతే. దాదాపు ప్రతి పిల్లకూ సరిపడా పాలూ గుడ్లూ, టీకాలూ, శుభ్రమైన నీళ్లూ అందే సమాజంలో పరిసరాల వల్ల వచ్చే తేడా చిక్కిపోతుంది, మిగిలిన తేడాలో జన్యువుల వాటా శాతంగా పెరుగుతుంది. ఫిన్లాండ్‌లో 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో పుట్టిన కవలలకన్నా ఆ తర్వాతి కాలంలో పుట్టిన కవలల్లో ఎత్తు హెరిటబిలిటీ ఎక్కువగా కనిపించింది. ఫిన్లాండ్ ప్రజల జన్యువులు ఆ ముప్పై నలభై ఏళ్లలో మారలేదు, బతుకులు సమమయ్యాయి. ఈ కోణంలో చూస్తే ఎక్కువ హెరిటబిలిటీ అంటే విధి రాత అని కాకుండా, ఆ సమాజంలో పిల్లల మధ్య అసమానత తక్కువగా ఉందనడానికి గుర్తుగా కూడా తీసుకోవచ్చు.

మన దగ్గర 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేనివాళ్లు. ఒక ఇంట్లో పిల్లకు రోజూ గుడ్డు, ఇంకో ఇంట్లో పిల్లకు నెలకోసారి విరేచనాలు అన్నట్టుండే చోట, సమంగా తడిసిన చేలో వచ్చిన 80ని తెచ్చి అతికించడం సరికాదు. మనది చాలావరకు వాలు చేనే.

కొలిచే తీరు కూడా ఈ అంకెను మార్చేస్తుందనేది చాలామందికి తెలియదు. గోడకు గీసిన గీతతో, చెప్పులతో, జుట్టు నొక్కకుండా కొలిస్తే పొరపాటు ఒక్కోసారి రెండు సెంటీమీటర్లు ఇటో అటో పోతుంది. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని దిండ్లు పగలంతా అణుగుతాయి కాబట్టి పొద్దున నిద్ర లేచినప్పటి కన్నా సాయంత్రం మనిషి సెంటీమీటరు పైనే తగ్గుతాడు. ఈ పొరపాట్ల విచలనం 2 సెంటీమీటర్లు అనుకుంటే విస్తృతికి 4 కలుస్తుంది. మొత్తం 42.25 కాస్తా 46.25 అవుతుంది, జన్యు వాటా 33.8 అలాగే ఉంటుంది. హెరిటబిలిటీ 80 నుంచి 73కి దిగుతుంది. అవే మనుషులు, అవే జన్యువులు, టేపు మాత్రమే వేరు.

80 ఎక్కడి నుంచి వచ్చింది

ఒకే అండం నుంచి వచ్చిన కవలల జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే. రెండు అండాల నుంచి వచ్చిన కవలలు మామూలు అన్నదమ్ముల్లా, మనిషికీ మనిషికీ మధ్య మారే జన్యువుల్లో సగటున సగం పంచుకుంటారు. రెండు రకాలూ ఒకే కడుపులో, ఒకే ఇంట్లో, ఒకే కాలంలో పెరుగుతారు. కాబట్టి మొదటి రకం జంటల ఎత్తులు రెండో రకం జంటలకన్నా ఎంత ఎక్కువగా కలుస్తున్నాయో చూస్తే, ఆ అదనం జన్యువులదని అంచనా వేయవచ్చు. జంటలో ఇద్దరి ఎత్తులు ఎంతగా కలుస్తున్నాయో సున్నా నుంచి ఒకటి దాకా చెప్పే కొలతను సహసంబంధం అంటారు. అది మొదటి రకంలో 0.9, రెండో రకంలో 0.5 అనుకుంటే, h² అని రాసే హెరిటబిలిటీ లెక్క ఇది:

```
h² = 2 × (0.9 − 0.5) = 0.8
```

రెండుతో గుణించడం ఎందుకంటే, రెండు రకాల కవలలకూ మధ్య తేడా సగం జన్యువులదే కాబట్టి పూర్తి వాటా దానికి రెట్టింపు. ఈ పద్ధతి కొన్ని ఊహల మీద నిలబడుతుంది. అందులో ముఖ్యమైనది రెండు రకాల కవలలకూ ఒకే విధమైన పరిసరాలు ఉంటాయనే ఊహ. పొడుగువాళ్లు పొడుగువాళ్లనే పెళ్లాడే అలవాటు ఉన్నచోట రెండో రకం కవలలు సగం కన్నా ఎక్కువ పంచుకుంటారు, అప్పుడు ఈ సూత్రం జన్యు వాటాను కాస్త తక్కువగా చూపిస్తుంది.

డీఎన్ఏను నేరుగా చదివి చేసిన లెక్కలు మరో వైపు నుంచి వచ్చాయి. 2022లో సుమారు 54 లక్షల మంది సమాచారంతో వెలువడిన అధ్యయనం ఎత్తుతో సంబంధం ఉన్న 12,111 జన్యు తేడాలను గుర్తించింది. ఐరోపా మూలాలున్నవాళ్లలో అవన్నీ కలిసి ఎత్తుల తేడాలో 40 శాతాన్ని వివరించగలిగాయి, ఇతర మూలాలవాళ్లలో 10 నుంచి 20 శాతం మాత్రమే. ఎత్తుకు ఒక జన్యువంటూ లేదు. ఒక్కోటి మిల్లీమీటర్లలో ఉండే చిన్న ప్రభావాలు వేలకొద్దీ కలుస్తాయి. ఆ అధ్యయనంలో ఎక్కువమంది ఐరోపా మూలాలవాళ్లే కాబట్టి, మన పిల్లల లాలాజలం తీసుకుని పెద్దయ్యాక ఎత్తు ఎంతో చెబుతామనే పరీక్షకు డబ్బు పెట్టడం దండగ. అమ్మానాన్నలను టేపుతో కొలిస్తే అంతకన్నా మంచి అంచనా ఉచితంగా దొరుకుతుంది.

నాయన 162, అమ్మ 150, కొడుకు?

ఆ ఉచిత అంచనా ఎంతవరకు పనిచేస్తుందో మొదట చెప్పిన కానిస్టేబుల్ ఎత్తుతోనే చూద్దాం. సగటులు ముందు చెప్పినవే, మగవాళ్లకు 165, ఆడవాళ్లకు 152. తండ్రి సగటుకన్నా 3 తక్కువ, తల్లి 2 తక్కువ. ఇద్దరి సగటు లోటు 2.5. లెక్క తేలిక కోసం, పిల్లలు తల్లిదండ్రులను పోలి ఉండడానికి జన్యువులు మాత్రమే కారణం అనుకుంటే, ఈ లోటులో హెరిటబిలిటీ మేరకే కొడుక్కు దిగుతుంది: 2.5లో 80 శాతం, అంటే 2 సెంటీమీటర్లు. కాబట్టి అంచనా 163.

లోటు మొత్తం ఎందుకు దిగదు? తండ్రి పొట్టితనంలో కొంత ఆయన చిన్నప్పటి జబ్బుదో కరువుదో కావచ్చు, అది విత్తనంతో రాదు. పొడుగు విషయంలోనూ ఇంతే. బాగా పొడుగైన దంపతుల పిల్లలు సగటున వాళ్లకన్నా కొంచెం తక్కువ పొడుగు ఉంటారు. ఈ వెనక్కి జరగడాన్ని 1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ 205 జంటల తల్లిదండ్రులు, వాళ్ల 928 మంది పిల్లల కొలతల్లో గమనించాడు. ఆయన లెక్కలో పిల్లలకు దిగిన భాగం మూడింట రెండు వంతులు.

163 అనేది ఇలాంటి ఇళ్ల కొడుకుల సగటు మాత్రమే. ఫలానా కొడుకు దాని చుట్టూ ఎంత దూరంలో ఉంటాడు? హెరిటబిలిటీ 80 శాతం ఉన్నా ఈ చెదురు 5.4 సెంటీమీటర్లు ఉంటుంది. ఊరి మొత్తం చెదురు 6.5 అని గుర్తుంచుకుంటే, తల్లిదండ్రుల ఎత్తులు తెలియడం వల్ల మన అనిశ్చితి తగ్గింది ఆరో వంతు మాత్రమే. 80 శాతం అన్న మాట విని ఇంత తక్కువ ఊహించినవాళ్లు అరుదు. దీనికి కారణం ప్రతి బిడ్డకూ పేకముక్కలు కొత్తగా కలిపి పంచినట్టు జన్యువులు పంచబడడమే. తండ్రి జన్యువుల్లో ఏ సగం, తల్లి జన్యువుల్లో ఏ సగం అన్నది ప్రతి కాన్పుకూ మారుతుంది. జన్యు తేడాలో దాదాపు సగం ఇళ్ల మధ్య కాదు, ఒకే ఇంటి లోపలే ఉంటుంది. ఇదే లెక్కతో చూస్తే ఒకే అమ్మానాన్నలకు పుట్టిన ఇద్దరు అన్నదమ్ముల మధ్య ఎత్తు తేడా సగటున 5.7 సెంటీమీటర్లు. దారిన పోయే ఏ ఇద్దరు మగవాళ్ల మధ్యనైనా అది 7.3. అన్న పొడుగు, తమ్ముడు పొట్టి అయినప్పుడు ఇంట్లో పుట్టే అనుమానాలకు ఈ రెండు అంకెలు చాలు జవాబు.

మన కుర్రాడికి కావలసింది 167.6. అంచనాకన్నా 4.6 ఎక్కువ. చెదురు 5.4 అయినప్పుడు అంత దూరం దాటేవాళ్లు ఐదుగురిలో ఒకరు. ఊరి మొత్తం మీద దాటేవాళ్లు ముగ్గురిలో ఒకరు. నాయన పొట్టి, వీడు ఎక్కడ పెరుగుతాడు అన్న మాటలో నిజం అంతవరకే.

ఇప్పుడు ఒక్క సంగతి మారుద్దాం. ఈ తరం పిల్లలందరికీ చిన్నప్పుడు తిండీ ఆరోగ్యమూ బాగుపడి, ఊరి మగవాళ్ల సగటు 165 నుంచి 167కి పెరిగిందనుకుందాం. అందరూ సమంగా 2 సెంటీమీటర్లు పెరిగితే ఒకరికీ ఒకరికీ మధ్య తేడాలు ముందున్నట్టే ఉంటాయి. విస్తృతి అదే 42.25, హెరిటబిలిటీ అదే 80. కానీ మన కుర్రాడి అంచనా 165కి చేరి, 167.6 దాటే అవకాశం ఐదుగురిలో ఒకరి నుంచి దాదాపు ముగ్గురిలో ఒకరికి పెరుగుతుంది. హెరిటబిలిటీ సూత్రంలో సగటుకు చోటే లేదు. అందుకే సగటు ఎంత కదిలినా ఆ శాతానికి తెలియదు, ఆ శాతం చూసి సగటు కదలదని చెప్పడమూ కుదరదు.

ఇది ఊహ మాత్రమే కాదు. 1896లో పుట్టిన దక్షిణ కొరియా స్త్రీల కన్నా 1996లో పుట్టినవాళ్లు సగటున 20 సెంటీమీటర్లు పొడుగని అంతర్జాతీయ లెక్కలు చెబుతున్నాయి. నాలుగు తరాల్లో జన్యువులు అంతగా మారవు. ఆ వందేళ్ల మొదట్లోనూ చివర్లోనూ కొరియాలో పొడుగు తల్లులకు పొడుగు కూతుళ్లే ఎక్కువగా పుట్టి ఉంటారు. వరస అలాగే ఉంది, వరస మొత్తం పైకి లేచింది.

పుంగనూరు ఆవు చెప్పే సంగతి

ఇక మిగిలింది ఈ శాతాన్ని రెండు గుంపుల మధ్యకు లాగడం. ఎత్తు 80 శాతం అనువంశికం కదా, కాబట్టి ఫలానా రాష్ట్రంవాళ్లు, ఫలానా కులంవాళ్లు పొట్టిగా ఉండడానికి 80 శాతం కారణం వాళ్ల జన్యువులే అంటారు. ఈ వాదన వినడానికి తర్కంలా ఉంటుంది గానీ లెక్కలో దానికి ఆధారం లేదు. కలగలుపు విత్తనం ఒకే సంచిలోంచి తీసి సగం సమంగా నీళ్లు పారిన చేలో, సగం సమంగా ఎండిన చేలో వేశామనుకోండి. ఏ చేనుకు ఆ చేను లోపల చూస్తే తేడాలన్నీ విత్తనానివే, హెరిటబిలిటీ నూటికి దగ్గర. రెండు చేల సగటుల మధ్య తేడా మాత్రం మొత్తం నీళ్లది. 1970లో అమెరికా జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ మొక్కజొన్నను ఉదాహరణగా తీసుకుని ఈ విషయాన్నే వివరించాడు.

అలాగని గుంపుల మధ్య తేడా ఎప్పుడూ పరిసరాలదే అనడమూ తప్పే. ఉమ్మడి చిత్తూరు జిల్లా పుంగనూరు పేరు మోసుకున్న ఆవులు 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తులోనే ఆగిపోతాయి. ఒంగోలు గిత్త సుమారు మీటరున్నర ఉంటుంది. ఈ తేడా జన్యువులదే. అది మనకెలా తెలుసు? పుంగనూరు మందలో ఎత్తు హెరిటబిలిటీ ఇంత శాతం అని లెక్కగట్టడం వల్ల కాదు. పలమనేరులోని పశు పరిశోధన కేంద్రంలో లాగా మంచి మేత, నీడ, వైద్యం అందుతున్నా పుంగనూరు దూడ పొట్టిగానే పెరుగుతుంది, ఎన్ని తరాలైనా దాని దూడలూ పొట్టిగానే ఉంటాయి. ఒకే కొట్టంలో ఒకే మేతతో పెంచి చూసినప్పుడు కూడా నిలిచే తేడాయే జన్యువులదని చెప్పగలం. మనుషుల్లో ఆ కొట్టం కట్టడానికి వీల్లేదు. అందుకే మనుషుల గుంపుల గురించి ఇలాంటి తీర్పులు ఇచ్చేటప్పుడు శాతాన్ని సాక్ష్యంగా పిలవకూడదు.

ఆసుపత్రిలో ఈ పొరపాటు ఖరీదు

తప్పు చదువు వల్ల నిజంగా నష్టపోయేది పిల్లలు. పిల్లల వైద్యులు తల్లిదండ్రుల ఎత్తుల నుంచి ఒక లక్ష్యం గీస్తారు. మగపిల్లాడికి తండ్రి ఎత్తు, తల్లి ఎత్తు కలిపి 13 చేర్చి సగం చేస్తారు. ఆడపిల్లకు 13 తీసేసి సగం చేస్తారు. దానికి ఇటూ అటూ 8.5 సెంటీమీటర్లు హద్దు. తండ్రి 160, తల్లి 148 ఉన్న ఇంట్లో ఆడపిల్ల లక్ష్యం 147.5, హద్దులు 139 నుంచి 156.

ఈ సూత్రం తల్లిదండ్రులు తమ జన్యువులు అనుమతించినంత ఎత్తు పెరిగారని లోలోపల ఊహిస్తుంది. ఆ తల్లి తన చిన్నప్పుడు కరువులో పెరిగి 148 దగ్గర ఆగిపోయి ఉంటే, కూతురి లక్ష్యం మొదటే తక్కువగా పడుతుంది. ఆ తక్కువ లక్ష్యాన్ని చూసి, పిల్ల సరిగ్గానే ఉంది, ఇంటి పోలిక అని పంపేస్తారు. ఒక తరం లేమి తర్వాతి తరానికి వారసత్వం అన్న పేరుతో అంటించబడుతుంది.

ఈ ఉచ్చులో పడకుండా చూసుకోవడానికి ఒక్క కొలత కాదు, రెండు కొలతల మధ్య వేగం కావాలి. నాలుగైదేళ్ల వయసు నుంచి యవ్వనం మొదలయ్యే దాకా ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఏడాదికి 5 సెంటీమీటర్ల చొప్పున పెరుగుతుంది. పైన చెప్పిన ఇంటి పిల్ల ఏడేళ్లప్పుడు 113 సెంటీమీటర్లు, ఎనిమిదేళ్లప్పుడు 116 ఉందనుకుందాం. పెరుగుదల చార్టులో ఆమె ఇంకా కింది గీత పైనే ఉంది, పొట్టి అమ్మానాన్నల బిడ్డే. కానీ ఏడాదిలో పెరిగింది 3 సెంటీమీటర్లే. ఏడాదికి 4 కన్నా తక్కువ పెరిగితే ఇంటి పోలిక అని సరిపెట్టకూడదు. పొట్టి తల్లిదండ్రుల ఆరోగ్యవంతమైన పిల్ల చార్టులో కింది గీత వెంట నడుస్తుందే తప్ప గీతలు దాటుకుంటూ కిందికి జారదు. అలా జారుతుంటే థైరాయిడ్, రక్తహీనత, గోధుమ పడని సీలియాక్ జబ్బు, ఎదుగుదల హార్మోను లోపం, ఆడపిల్లల్లో ఒక ఎక్స్ క్రోమోజోమ్ లోపించే టర్నర్ సిండ్రోమ్ కోసం పరీక్షలు చేస్తారు. ఎముకల వయసు తెలుసుకోవడానికి ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీస్తారు. ఎముక చివర్లు మూసుకుపోయాక కారణం దొరికినా ఎత్తు తిరిగి రాదు.

ఇందుకు ఇంట్లో చేయగలిగిన పని చిన్నదే. ఆరు నెలలకోసారి, ప్రతిసారీ పొద్దున పూటే, చెప్పులు తీయించి, జడ విప్పించి, మడమలూ పిరుదులూ భుజాలూ గోడకు ఆనేలా నిలబెట్టి, చూపు నేరుగా ఉంచి, తల మీద అట్ట ముక్కను గోడకు లంబంగా ఆనించి గీత గీయాలి. గీత పక్కన తేదీ రాయాలి. రెండేళ్లలోపు బిడ్డనైతే అంగన్‌వాడీలో పడుకోబెట్టి కొలుస్తారు. పడుకున్న కొలత నిలబడ్డ కొలతకన్నా సుమారు 0.7 సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది కాబట్టి, రెండేళ్లు నిండి నిలబెట్టి కొలిచిన మొదటిసారి బిడ్డ తగ్గిపోయిందని కంగారు పడనక్కర్లేదు.